మా ఇంటి నరసింహ ముఖం మ్యూజియానికి ఇవ్వాలా, వద్దా?

కంచిలి కుర్రోడు · శనివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది కంచిలి పక్క ఊరు. మా మేనమామ ఇంట్లో దేవుడి గదిలో ఒక వెదురు బుట్ట ఉంటుంది, ఎర్రగుడ్డ చుట్టి. అందులో నరసింహస్వామి ముఖం. మా తాతగారి బృందం ప్రహ్లాద నాటకం ఆడే రోజుల నాటిది. నాటకం ఆగిపోయి పన్నెండేళ్లు దాటింది. అత్త మాత్రం ఇప్పటికీ ప్రతి శనివారం ఆ బుట్ట ముందు దీపం పెడుతుంది. నరసింహ జయంతికి పానకం, వడపప్పు.

పోయిన నెల ఒక పెద్ద నగరంలోని మ్యూజియం నుంచి ఒకాయన వచ్చాడు. ఏసీ గది, అద్దాల పెట్టె, కింద మీ ఊరి పేరు రాస్తాం, కొంత డబ్బు కూడా ఇస్తాం అన్నాడు. మామయ్య సగం ఒప్పుకున్నాడు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు, మేం పోయాక దీన్ని ఎవడు చూస్తాడురా అంటాడు.

నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకో చెప్పలేకపోతున్నాను. నిరుడు ఉద్యోగం పని మీద ఇంకో ఊరు వెళ్లినప్పుడు అక్కడి మ్యూజియంలో ఇలాంటి ముఖమే చూశాను. తెల్లగోడ, ఇనుప కడ్డీకి తగిలించారు, సరిగ్గా నా ఛాతీ ఎత్తులో. పైన సీలింగ్ నుంచి లైటు. చీటీ మీద ‘ముఖ కవచం. కర్ర, రంగులు. ఇరవయ్యో శతాబ్దం’ అని ఉంది. పది సెకన్లు చూసి పక్క బల్లెం దగ్గరికి వెళ్లిపోయాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ బుట్ట ఉన్న గదిలోకి వెళ్లాలంటేనే కాళ్లు వణికేవి. అక్కడ ఎందుకు ఏమీ అనిపించలేదు? నా చాదస్తమా, లేక ఆ వస్తువుకి నిజంగా ఏదైనా జరిగిందా?

---

సూటిగా · రాత్రి 9:31

ఇచ్చేయండి తమ్ముడూ. సెంటిమెంట్ వేరు, చెదలు వేరు. మన ఉప్పుగాలికి కర్ర ఎన్నాళ్లుంటుంది? అద్దాల పెట్టెలో పెడితే వందేళ్లు ఉంటుంది. అయినా ప్రహ్లాద నాటకం ఒడిశా వాళ్లది, గంజాం జిల్లాలో పుట్టింది. మనవాళ్లు చూసి నేర్చుకున్నారు. కాపీకి ఇంత బాధెందుకు?

---

శ్రీ ఫ్యాన్సీ స్టోర్ · రాత్రి 9:40

మాస్కులు కావాలా సార్? సింహం, పులి, కోతి రబ్బరువి ఉన్నాయి. స్కూల్ యానివర్సరీకి డజన్ రేటు. పలాస బస్టాండ్ దగ్గర.

---

పాత మద్దెల · రాత్రి 10:22

సూటిగా గారూ, గంజాంలో బాగా ఆడతారన్నంత వరకే మీ మాట నిజం. ఆ నాటకం కట్టించినవాడు జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్, పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో. అసలు రాసినది పర్లాకిమిడి కవి గౌరహరి పరిచ్ఛా అని చెప్పేవాళ్లూ ఉన్నారు, ఆ తగువు ఇప్పుడొద్దు. జలంత్రకోట ఎక్కడుంది? ఈ బాబు చెప్పిన కంచిలి మండలంలోనే. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు గీత మన పైనుంచి గీశారు, జలంత్ర ఇటు మిగిలింది, ఆడే ఊళ్లు ఎక్కువగా అటు పడ్డాయి. కాపీ అనకండి, పుట్టిల్లు మనది.

ఇక బాబు అడిగినదానికి వస్తాను. నేను ముప్పై ఏళ్లు మద్దెల వాయించాను. రాత్రి తొమ్మిదికో పదికో మొదలుపెడితే తెల్లారే దాకా ఆట. మెట్ల వేదిక కడతారు. మాకు ఏడు మెట్లు, కొన్ని ఊళ్లలో ఐదు. పైమెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం. వాడు ఆ మెట్ల మీద ఎక్కుతూ, దూకుతూ, మీసం తిప్పుతూ రాత్రంతా ఊళ్లో వాళ్లను గడగడలాడించాలి. జనం కింద నేల మీద చాపలేసుకుని కూర్చుంటారు. నరసింహుడు ఎప్పుడొస్తాడు? కోడి కూసే వేళకి. ఆడితే పది, పదిహేను నిమిషాలు.

అంటే ఆ ముఖం రాత్రంతా కనబడదు. తెర వెనక బుట్టలో గుడ్డ కింద ఉంటుంది. ముందుగా పూజ చేస్తారు, కట్టుకునేవాడు ఆ రోజు ఉపవాసం. బుట్టలో ఏముందో పిల్లలందరికీ తెలుసు, ఎవరూ చూడరు. ఎనిమిది గంటల పాటు ‘వస్తాడు, వస్తాడు’ అని ఎదురుచూసి, సగం నిద్రలో ఉండగా స్తంభం చీలి అది బయటకొస్తే పెద్ద మగాళ్లే వెనక్కి జరిగేవారు. నీకు బుట్ట దగ్గర భయమేసిందంటే అదే కారణం నాయనా. మ్యూజియంలో పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా బయటే పెట్టి ఉంచారు. దాచి ఉంచే పని ఆగిపోయింది, ఇంక మిగిలింది కర్రా రంగే. చీటీలో రాసింది అబద్ధం కాదు పాపం.

---

సూటిగా · రాత్రి 10:35

జలంత్ర సంగతి తెలియదు మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. కానీ పూనకం, ఉపవాసం ఇవన్నీ నమ్మకాలు. చదువుకున్నవాళ్లం మనం.

---

పాత మద్దెల · రాత్రి 10:58

నమ్మకాన్ని పక్కన పెడదాం. నాతో రోజూ కూర్చుని టీ తాగే మనిషి ఆ ముఖం కట్టగానే ఎలా మారిపోయేవాడో నేను చూశాను, కానీ మీరు చూడలేదు కాబట్టి వాదించను. మీకు లెక్క కావాలి కదా, ఇదిగో. ఆ ముఖానికి వేసిన కళ్లు ఇంతింత గుడ్లు, వాటికి రంధ్రం ఉండదు. కట్టుకున్నవాడు నోటి సందులోంచి చూస్తాడు. అంటే తన కాళ్ల ముందు రెండడుగులు కనబడితే ఎక్కువ. తల మీద బరువు, కింద మెట్లు, పొద్దుట్నుంచి తిండి లేదు, చెవుల దగ్గర మద్దెల, తాళం, ముఖవీణ. నడుముకి గుడ్డ కట్టి ఇద్దరు మగాళ్లు వెనక నుంచి పట్టుకుంటారు. స్వామి పూని ఉగ్రుడయ్యాడని పట్టుకున్నారనండి, గుడ్డివాడు మెట్ల మీద నుంచి పడిపోతాడని పట్టుకున్నారనండి, ఆ ఇద్దరూ లేకుండా ఆ ముఖం అడుగు వేయదు. మ్యూజియంలో ఆ ఇద్దరి బదులు ఇనుప కడ్డీ పెట్టారు.

ఎక్కడో ఒక ఊళ్లో నరసింహుడు నిజంగానే హిరణ్యకశిపుడిని చీల్చేశాడని మీరంతా వినే ఉంటారు. నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ అది పక్క ఊళ్లో జరిగిందన్నారు. పక్క ఊరికి వెళితే ఆ పక్క ఊళ్లో అన్నారు.

---

మదరాసు అల్లుడు · రాత్రి 11:20

నేను చెన్నైలో ఉంటాను, సొంతూరు టెక్కలి. తంజావూరు జిల్లా మెలట్టూరులో భాగవతమేళం చూడటానికి ఒకసారి వెళ్లాను. అక్కడా ప్రహ్లాద చరిత్రమే, అదీ తెలుగులో! వెంకటరామశాస్త్రిగారు రాసిన తెలుగు నాటకం, చుట్టూ ఉన్నది తమిళ దేశం. అక్కడ కూడా నరసింహ ముఖాన్ని వరదరాజస్వామి గుడిలోనే ఉంచుతారు, పూజ చేస్తారు, కట్టుకునే ఆయన ఉపవాసం ఉంటాడు. జయంతి రాత్రికే బయటకు తెస్తారు. మన మూల ఒకటి, ఆ మూల ఒకటి, రెండు చోట్లా పద్ధతి ఒకటే. నా పక్కన కూర్చున్న ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు, స్తంభం దగ్గర ఏడ్చేసింది.

---

పైడితల్లి మొక్కు · ఆదివారం ఉదయం 7:05

విజయనగరం నుంచి రాస్తున్నాను. మాది నరసింహుడు కాదు, పులి. మా నాన్న పండగలకి పులివేషం కట్టేవారు. తల మాత్రం ఒంటి మీద రంగులా కాకుండా విడిగా ఉండేది. కాగితం గుజ్జు, చింతపిక్కల జిగురు, పైన పాతచీర గుడ్డ అతికించి తాతగారు చేసినది. ఒక కాలేజీ వాళ్లు ఎగ్జిబిషన్‌కి వారం రోజులు అడిగితే ఇచ్చాం. తిరిగొచ్చినప్పుడు చూసి అమ్మ కూర్చుండిపోయింది. ఎవరో శ్రద్ధగా తడిగుడ్డతో తుడిచి, పైన వార్నిష్ కొట్టారు. ముక్కు మీద ఏటా పెట్టిన బొట్టు పొర పొరగా గట్టిపడి ఉండేది, అది పోయింది. లోపల నుదురు ఆనే చోట నాన్న తలపాగా గుడ్డ ముక్క కుట్టుకున్నారు, అది మురికిగా ఉందని పీకేశారు. వాళ్లకి దురుద్దేశం లేదు, బాగుచేసి ఇచ్చామనుకున్నారు. థాంక్స్ కార్డు కూడా పంపారు!

ఆ గుడ్డ లేకపోతే ఆ తల ఎవరికీ సరిపోదు. నాన్న పోయాక తమ్ముడు కట్టి చూశాడు, కళ్ల మీదకి జారిపోతుంది. ఇప్పుడు అది షోకేసులో టీవీ పక్కన ఉంది.

---

ఉప్పుగాలి · ఉదయం 8:48

అక్కా, మీ పోస్ట్ చదివి సిగ్గేసింది, ఎందుకంటే నేను చేసేది ఆ పనే. శ్రీకాకుళం అమ్మాయిని, వేరే రాష్ట్రంలో ఒక మ్యూజియం ల్యాబ్‌లో పాత వస్తువులు పాడవకుండా చూస్తుంటాను. మీరు చెప్పిన లోపలి గుడ్డే మాకు అన్నిటికంటే ముఖ్యం. ముసుగు ముందువైపు చేసినవాడి పనితనం, వెనకవైపు కట్టుకున్నవాళ్ల బతుకు. చెమట మరక ఎక్కడ ఉంది, తాడు ఏ రంధ్రం దగ్గర ఒరుసుకుంది, గడ్డం దగ్గర ఎంత అరిగింది అని చూస్తే ఎన్ని తలలు మారాయో తెలుస్తుంది. గోడకి తగిలించి ముందువైపే చూపిస్తే సగం వస్తువు గోడకి చూపించినట్టే.

కంచిలి తమ్ముడూ, నీ ‘ఎందుకు ఏమీ అనిపించలేదు’కి లైటు కూడా ఒక కారణం. కాగితం, గుడ్డ, వెంట్రుకలు ఉన్న వస్తువుల మీద మేం 50 లక్స్‌కి మించి వెలుగు పడనివ్వం, రంగు వేసిన కర్రకైతే 200 దాకా. అంతకు మించితే రంగులు వెలిసిపోతాయి, అందులో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే ఆ కాస్త వెలుగూ పైనుంచి వేస్తాం. కాగడాలు, నేల మీద పెట్టిన పెట్రోమాక్స్ లైట్లు ఉన్న కాలంలో, కింద కూర్చున్న జనం పైకి చూస్తారని తెలిసి చేసిన ముఖం అది. నా మాట నమ్మొద్దు. ఈ రాత్రి కరెంటు ఆపి, అత్తగారి అనుమతి తీసుకుని, ఫోన్ టార్చ్ ఒకసారి పైనుంచి, ఒకసారి నేల దగ్గర నుంచి వేసి చూడు.

సూటిగా గారూ, అద్దాల పెట్టెతో పని అయిపోదు. వంటింటి పొగ తగిలే ఇంట్లో కంటే మూసిన పెట్టెలో పురుగు హాయిగా పెరగొచ్చు. పాతకాలంలో మ్యూజియాలు అందుకే ఆర్సెనిక్, డీడీటీ పూసేవి. ఇప్పుడు గడ్డకట్టే చలిలో పెట్టో, నైట్రోజన్ నింపిన సంచిలో పెట్టో పురుగుని చంపుతాం. కానీ పాత సేకరణల్లో ఆ విషం ఇంకా ఉంది. అమెరికాలో ఆదివాసుల పూజా వస్తువులు మ్యూజియాల నుంచి తిరిగి వచ్చాక, వాటిని ముఖానికి పెట్టుకోవచ్చా అన్నదే పెద్ద టెన్షన్ అయింది. ఇస్తే ఇవ్వండి, కానీ మందు పూయకూడదని, పూస్తే ఏది పూశారో రాసి ఇవ్వాలని ముందే అడగండి. నోటి సందుకి ముక్కు ఆనించి ఊపిరి పీల్చే వస్తువు అది.

ఇంట్లో ఉన్నన్నాళ్లు చేయాల్సింది ఒక్కటే. బుట్ట కింద నల్ల కాగితం పరిచి రెండు వారాలు కదపకుండా ఉంచు. సన్నటి పిండి రాలితే లోపల పురుగు బతికే ఉంది. రాలకపోతే కర్రలో కనబడే పురుగు చిల్లులు పాతవి. ఎండలో మాత్రం పెట్టకండి, రంగు పెచ్చులు లేస్తుంది.

---

సూటిగా · ఉదయం 9:10

చూశారా, మ్యూజియం మనిషే మ్యూజియం వద్దంటోంది.

---

ఉప్పుగాలి · ఉదయం 9:16

నేను వద్దనలేదండీ! ఏ షరతుల మీద ఇవ్వాలో చెప్పాను. దానం వేరు, అరువు వేరు. అరువు పత్రం రాసుకుని, ఏటా నరసింహ జయంతికి వారం ముందు ఊరికి పంపాలి, ముఖం తుడవకూడదు, కుంకుమ తీయకూడదు, మామూలు రోజుల్లో గుడ్డ కప్పి ఉంచాలి అని రాయించుకోవచ్చు. గుడ్డ కప్పిన బుట్టని చూపించడానికి ఏ మ్యూజియం ఒప్పుకుంటుందంటే, నిజంగా నాకూ అనుమానమే. టికెట్ కొన్నవాడు ముఖం ఏదని అడుగుతాడు. కానీ దేవతా ముఖాలు బయట పెట్టొద్దని, ఫొటోలు తీయొద్దని హౌడెనోసౌనీ అనే ఉత్తర అమెరికా ఆదివాసుల పెద్దలు ప్రకటన ఇస్తే, కొన్ని మ్యూజియాలు విని తీసేశాయి. అడగకపోతే మాత్రం ఎవరూ చేయరు.

---

పాత మద్దెల · మధ్యాహ్నం 1:30

అమ్మా, నువ్వు చెప్పినవన్నీ బాగున్నాయి. ఒక్క చోట నీతో ఒప్పుకోలేను. అంత జాగ్రత్త ఎందుకసలు? మా బృందంలో ముఖానికి రెండు మూడేళ్లకోసారి రంగు వేసేవాళ్లం. చెవి విరిగితే కొత్త చెవి. మరీ పాడైతే పూజ చేసి బాహుదా నదిలో కలిపి కొత్తది చేయించేవాళ్లం. కళ్లు చివర్లో వేస్తారు, అప్పటి దాకా అది చెక్క. నేను వాయించిన ముప్పై ఏళ్లలో రెండు ముఖాలు మారాయి. ఎవరూ ఏడవలేదు, ఆట ఆగలేదు. ఇప్పుడు ఆట ఆగిపోయింది కాబట్టి ముఖం మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

---

ఉప్పుగాలి · మధ్యాహ్నం 2:02

ఇక్కడే నాకూ జవాబు లేదు మాస్టారూ. పసిఫిక్‌లో న్యూ ఐర్లండ్ దీవిలో చావు కర్మల కోసం మలంగన్ అనే బొమ్మలు, ముఖాలు నెలల తరబడి చెక్కుతారు. పని అయ్యాక వదిలేస్తారు, కుళ్లిపోవాలి, అదే పద్ధతి. ఎలాగూ పారేసేదే కదా అని యూరప్ వాళ్లకి అమ్మారు కూడా. ఇప్పుడు అవి ప్రపంచమంతా మ్యూజియాల్లో ఉన్నాయి, నాలాంటివాళ్లం వాటిని కుళ్లకుండా కాపలా కాస్తున్నాం. చేసినవాళ్ల లెక్కలో మేం చేస్తున్నది తప్పే. కానీ అవి కూడా లేకపోతే ఆ చెక్కుడు పని మనం చూసేవాళ్లమే కాదు. మీరు రంగు మళ్లీ వేసినప్పుడు కింద పాత రంగు ఉంటుంది కదా, నాకు అదీ కావాలనిపిస్తుంది. వృత్తి జబ్బు.

---

మదరాసు అల్లుడు · మధ్యాహ్నం 2:40

కొత్తది ఒకటి చేయించి మ్యూజియానికి ఇవ్వొచ్చు కదా? కళ్లు వేయకుండా, పూజ చేయకుండా. పక్కన ఆట వీడియో పెట్టమనండి.

---

పాత మద్దెల · మధ్యాహ్నం 3:15

అది మంచి మాట. వీడియో తెల్లవారుజామున నాలుగింటి దగ్గర మొదలుపెట్టకూడదు, అంతే. మొత్తం రాత్రి పెట్టమనండి. ఎవడు కూర్చుంటాడో చూద్దాం.

---

కంచిలి కుర్రోడు · సోమవారం రాత్రి 10:47

ఉప్పుగాలి అక్క చెప్పినట్టు చేశాను. అత్త ముందు ఒప్పుకోలేదు, స్నానం చేసి దీపం పెట్టాక సరే అంది. ముఖాన్ని నేను ముట్టుకోలేదు, మామయ్యే తీసి పీట మీద గోడకి ఆనించాడు.

ముందు టార్చ్ పైనుంచి వేశాను. కనుబొమలు బాగా ముందుకి పొడుచుకొచ్చి ఉన్నాయి, వాటి నీడ కళ్ల మీద పడింది. నిద్ర మొహంతో ఉన్న ముసలి సింహంలా ఉంది. మ్యూజియంలో చూసిన ముఖం సరిగ్గా అదే. తర్వాత ఫోన్ నేల మీద పెట్టి, నేను కూడా నేల మీద పడుకుని చూశాను. కళ్లు మొత్తం తెరుచుకున్నాయి. నాలుక కింద అంత లోతు ఉందని నాకు తెలియనే తెలియదు. కోరల నీడ బుగ్గల మీదుగా పైకి పాకింది. చేయి కాస్త కదిలితే నీడ కదిలి, ముఖం ఊపిరి తీస్తున్నట్టు ఉంది. మా అక్క కూతురు అయిదేళ్లది, గది బయటకి పరిగెత్తింది. నేను కూడా లేచి కూర్చున్నాను, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

వెనక్కి తిప్పి చూశాం. నుదురు దగ్గర రెండు గుడ్డలు ఒకదాని మీద ఒకటి కుట్టి ఉన్నాయి. పైది గళ్ల లుంగీ ముక్క. కిందది తెల్లపంచె, పసుపు రంగుకి తిరిగింది. లుంగీ మా తాతది అంది అత్త. తెల్లగుడ్డ ఎవరిదో మామయ్యకి కూడా తెలియదు, తాతకి ముందు కట్టినవాళ్లది అయి ఉంటుంది అన్నాడు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నల్ల కాగితం పరిచాను, రెండు వారాల్లో చెబుతాను.

ఇవ్వాలా వద్దా అన్నది తేలలేదు. డబ్బు మాట మామయ్య మళ్లీ ఎత్తలేదు, అలాగని వద్దనీ అనలేదు. మ్యూజియం ఆయనకి ఫోన్ చేసి, వైశాఖంలో ఒకసారి రండి, ముందు చూసి తర్వాత మాట్లాడండి అన్నాడట. ఏం చూపిస్తావు మామయ్యా, ఆడేవాళ్లు ఎవరున్నారు అని అడిగాను. ప్రహ్లాదుడికి పిల్లలు దొరుకుతారు, హిరణ్యకశిపుడే లేడు అన్నాడు.

---

పాత మద్దెల · సోమవారం రాత్రి 11:20

నరసింహుడు ఎవరైనా కావచ్చు బాబూ, ముఖం చూసుకుంటుంది. హిరణ్యకశిపుడికి మాత్రం ఊపిరి ఉండాలి, రాత్రంతా మెట్లు ఎక్కి దిగాలి. ఇచ్ఛాపురం వైపు ఒకడు ఉండేవాడు, ఇప్పుడు యాభై దాటి ఉంటాయి, మోకాళ్లు ఎలా ఉన్నాయో. కనుక్కుంటాను. మీ తాతగారి నాటకం రాతప్రతి ఎవరి దగ్గర ఉంది? తాటాకులా, నోటు పుస్తకమా?

---

శ్రీ ఫ్యాన్సీ స్టోర్ · మంగళవారం ఉదయం 6:30

ఆట ఉంటే చెప్పండి సార్. మా నాన్నగారు ముఖవీణ వాయించేవారు. వాయిద్యం ఇంట్లోనే ఉంది, కొత్త రెల్లు పీక కావాలి.